8 ఎంబీ ఫైలు 10 ఎంబీ హద్దును ఎందుకు దాటుతుంది? అటాచ్‌మెంటు, క్లౌడ్ లింకుల లెక్క

క్లుప్తంగా: మెయిల్‌కు జత చేసిన ఫైలు దారిలో మూడో వంతుకు పైగా పెరుగుతుంది. అందుకే హద్దులోపే ఉన్నట్టు కనిపించే ఫైలు కూడా తిరిగొస్తుంది. ఫైలు పెద్దదైనా, పలువురికి వెళ్లేదైనా, ఇంకా మారబోయేదైనా లింకు పంపడం చౌక, అందుకునేవారికి తేలిక. పర్మిషన్ సరిగా పెడితే భద్రత కూడా ఎక్కువే. మారకుండా రికార్డుగా నిలవాల్సిన చిన్న ఫైలుకు మాత్రం అటాచ్‌మెంటే మేలు.

ఫొటోలతో కూడిన ఒక ప్రాజెక్టు రిపోర్టు ఉందనుకుందాం. పీడీఎఫ్ సైజు 8 ఎంబీ. దాన్ని వేర్వేరు సంస్థల్లో ఉన్న పన్నెండు మందికి పంపాలి. ఒక సంస్థ మెయిల్ సర్వర్ 10 ఎంబీ దాకా తీసుకుంటుందని ముందే తెలుసు కాబట్టి పంపేవారికి అనుమానమేమీ రాదు. మెయిల్ వెళుతుంది, కాసేపటికి ఆ ఒక్క సంస్థ నుంచి మాత్రం సైజు ఎక్కువైందంటూ తిరిగొస్తుంది. ఫైలు ప్రాపర్టీస్‌లో చూస్తే ఇంకా 8 ఎంబీయే. అవతలి ఐటీ విభాగాన్ని అడిగితే హద్దు 10 ఎంబీయేనంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

## ఫైలు దారిలో ఎలా పెరుగుతుంది

ఈమెయిల్‌ను మొదట ఫైళ్ల కోసం తయారు చేయలేదు. సర్వర్ల మధ్య మెయిల్ ఎలా వెళ్లాలో చెప్పే 1982 నాటి ఎస్ఎంటీపీ ప్రమాణం ప్రకారం మెయిల్ అంటే మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలతో ఉండే పాఠ్యం. ఒక్కో అక్షరానికి ఏడు బిట్లు చాలు. ఫొటో, పీడీఎఫ్, వీడియో లాంటివి ఎనిమిది బిట్ల బైట్లతో ఉంటాయి. వాటిని యథాతథంగా ఆ దారిలో పంపితే పాడయ్యే ప్రమాదం ఉండేది. 1992లో వచ్చిన మైమ్ ప్రమాణం దీనికి ఒక ఉపాయం చూపింది. ఏ ఫైలునైనా పంపే ముందు మామూలు అక్షరాల్లోకి మార్చాలి, అందుకున్నాక తిరిగి ఫైలుగా చేసుకోవాలి. ఈ మార్పిడికి వాడే పద్ధతి పేరు బేస్64. ఇప్పటికీ అటాచ్‌మెంట్లు దాదాపుగా ఇలాగే ప్రయాణిస్తున్నాయి.

బేస్64 ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా రాస్తుంది. అంటే అక్కడే 33 శాతం పెరుగుదల. పైగా ఆ అక్షరాలను 76 చొప్పున వరుసలుగా విడగొట్టి, ప్రతి వరుస చివర మరో రెండు బైట్లు చేరుస్తారు. మొత్తం మీద 57 బైట్ల ఫైలు 78 బైట్ల మెయిల్ అవుతుంది. పెరుగుదల సుమారు 37 శాతం.

మన రిపోర్టుకు ఈ లెక్క వేసి చూద్దాం. ఫైలులో సరిగ్గా 80,00,000 బైట్లున్నాయనుకుంటే, బేస్64లోకి మారాక 1,06,66,668 అక్షరాలవుతుంది. అవి 1,40,351 వరుసలుగా విడిపోతాయి, వరుసకు రెండు చొప్పున ఇంకో 2,80,702 బైట్లు కలుస్తాయి. మొత్తం 1,09,47,370. మెయిల్‌లో రాసిన మాటలు, చిరునామాల వంటివి దీనికి అదనం. 8 ఎంబీ రిపోర్టు సర్వర్ ముందుకు వచ్చేసరికి దాదాపు 11 ఎంబీ అయింది.

చాలా సంస్థలు వాడే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ మార్చకపోతే హద్దు 1,02,40,000 బైట్లు. అది ఫైలుకు కాదు, మొత్తం మెయిల్‌కు. తిరగేసి లెక్కిస్తే అందులో పట్టే ఫైలు సుమారు 74.8 లక్షల బైట్లు, అంటే ఏడున్నర ఎంబీ కూడా కాదు. 25 ఎంబీ హద్దున్న సర్వర్లలోనూ ఇదే కథ. హద్దును మొత్తం మెయిల్‌కు లెక్కించే చోట 18 ఎంబీ దాటిన ఫైలు వెళుతుందన్న నమ్మకం లేదు. ప్రకటించిన హద్దులో నాలుగింట మూడు వంతులకు కొంచెం తక్కువే ఫైలుకు మిగులుతుందని గుర్తుంచుకుంటే చాలు, ప్రతిసారీ ఈ లెక్కలు వేయనక్కర్లేదు.

## తిరిగొచ్చిన మెయిల్‌లో ఏం చూడాలి

రెండు సర్వర్లు మాట్లాడుకునేటప్పుడు అందుకునేది ముందుగా తన హద్దు చెబుతుంది. పంపేది తన దగ్గరున్న మెయిల్ సైజు చెబుతుంది. పొసగకపోతే అక్కడితో ఆగిపోతుంది. ఆ సంభాషణ ఇలా ఉంటుంది:

```
250-SIZE 10240000
MAIL FROM:<office@example.com> SIZE=10949812
552 5.3.4 Message size exceeds fixed limit
```

తిరిగొచ్చిన మెయిల్ పొడవుగా, గజిబిజిగా ఉన్నా అందులో వెతకాల్సింది `552` లేదా `5.3.4` అన్న అంకెలు. 5తో మొదలయ్యే కోడ్ అంటే శాశ్వత నిరాకరణ. అదే మెయిల్‌ను ఇంకో పదిసార్లు పంపినా ఫలితం మారదు. 4తో మొదలైతే తాత్కాలిక ఇబ్బంది అని అర్థం, అప్పుడు సర్వరే కొంతసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

అసలు చిక్కు తిరిగి రావడం కన్నా పాక్షికంగా చేరడం. పన్నెండు మందిలో పదకొండు మందికి రిపోర్టు అందింది, ఒకరికి అందలేదు. పదకొండు మంది చదివి 'రిప్లై ఆల్'తో చర్చ మొదలుపెడతారు. ఆ జవాబుల్లో అటాచ్‌మెంటు ఉండదు కాబట్టి అవి చిన్నవి, పన్నెండో వ్యక్తికీ చక్కగా చేరతాయి. ఆయన చూడని రిపోర్టు మీద అభిప్రాయాలు ఆయన ఇన్‌బాక్స్‌లోకి వస్తుంటాయి. బౌన్స్ మెయిల్ మాత్రం పంపినవారికి ఒక్కరికే వెళ్లింది. వారు గమనించకపోతే ఈ లోటు ఎవరికీ తెలియదు. లింకు ఉన్న మెయిల్ కొన్ని కిలోబైట్లే కాబట్టి సైజు కారణంగా ఒకరికి చేరి ఒకరికి చేరకపోవడం ఉండదు.

## పన్నెండు మంది, మూడు వెర్షన్లు

ఖర్చు అనగానే నెలవారీ చందా గుర్తొస్తుంది. ఇక్కడ అసలు ఖర్చు స్టోరేజీలో, డేటాలో, సమయంలో ఉంది.

అటాచ్‌మెంటుగా పంపితే ప్రతి మెయిల్‌బాక్స్‌లో ఒక కాపీ, పంపినవారి సెంట్ ఫోల్డర్‌లో ఒకటి. అందరి సర్వర్లూ ఒప్పుకున్నాయనుకుంటే 13 కాపీలు. ఒక్కోటి దాదాపు 10.95 ఎంబీ చొప్పున 142 ఎంబీ అవుతుంది. రిపోర్టు రెండుసార్లు సవరించి మళ్లీ పంపితే 427 ఎంబీ. ఎవరైనా దాన్ని ఫార్వర్డ్ చేస్తే ఇంకో కాపీ. తెర వెనక కొన్ని సర్వర్లు దీన్ని తెలివిగా కుదించి దాచుకోవచ్చు, కానీ ఒక్కొక్కరి కోటాలో ఆ మెయిల్ సైజు సాధారణంగా విడిగానే లెక్కకు వస్తుంది.

లింకైతే ఫైలు ఒకచోటే ఉంటుంది. మూడు వెర్షన్లనూ దాచుకున్నా 24 ఎంబీ, అదీ యజమాని ఖాతాలోనే. గూగుల్ ఉచిత ఖాతాలో 15 జీబీ జాగాను జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ కలిసి పంచుకుంటాయి. అది నిండితే కొత్త మెయిల్స్ రావడమే ఆగిపోతుంది. ఎవరో పంపిన అటాచ్‌మెంటు ఆ జాగాను తింటుంది. ఎవరో షేర్ చేసిన డ్రైవ్ ఫైలు తినదు, అది వారి లెక్కలోనే ఉంటుంది. లింకు పంపడమంటే భారాన్ని పంపేవారు మోయడం అన్నమాట. అందుకునేవారి వైపు నుంచి చూస్తే ఇది చిన్న మర్యాద కాదు.

డేటా సంగతి కొంత అందుకునేవారి ప్రోగ్రాం మీద ఆధారపడుతుంది. ఫోన్‌లోని చాలా మెయిల్ యాప్‌లు అటాచ్‌మెంటును నొక్కినప్పుడే దించుతాయి. కంప్యూటర్లో వాడే ప్రోగ్రాంలు తరచూ మెయిల్ మొత్తాన్ని ముందే దించేసుకుంటాయి, చదివినా చదవకపోయినా. కనెక్షన్ బలహీనంగా ఉన్నచోట తేడా బాగా తెలుస్తుంది. మెయిల్ ప్రోగ్రాం నుంచి పెద్ద అటాచ్‌మెంటు పంపుతుండగా తొంభై శాతం దగ్గర లైను తెగితే మళ్లీ మొదటి నుంచి పంపాల్సిందే. ఎస్ఎంటీపీలో సగంలో ఆగిన చోటు నుంచి అందుకునే ఏర్పాటు వాడుకలో లేదు. వెబ్ డౌన్‌లోడ్‌కు ఆ ఏర్పాటు ఉంది. సర్వర్ అనుమతిస్తే బ్రౌజర్ ఆగిన బైటు నుంచి కొనసాగిస్తుంది.

వెర్షన్ల విషయంలో లింకు చేసే మేలు ఇంకా పెద్దది. `report_final.pdf`, `report_final2.pdf`, `report_final_new.pdf` అంటూ మూడు మెయిల్స్‌లో మూడు ఫైళ్లుంటే, వారం తర్వాత సమావేశంలో ఒకరు పాతదాన్ని తెరుస్తారు. డ్రైవ్‌లో అదే ఫైలు మీద "Manage versions" ద్వారా కొత్త పీడీఎఫ్ ఎక్కిస్తే లింకు మారదు, మొదటి మెయిల్‌లోని లింకు నొక్కినవారికీ కొత్తదే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: ఇలా ఎక్కించిన ఫైళ్ల పాత వెర్షన్లు 30 రోజుల తర్వాత గానీ, 100 వెర్షన్లు దాటాక గానీ తొలగిపోవచ్చు. ఏదైనా పాత వెర్షన్ తప్పక కావాలనుకుంటే దానికి "Keep forever" పెట్టాలి.

## భద్రత: తాళం ఎవరి చేతిలో

అటాచ్‌మెంటు వెళ్లిపోయాక పంపినవారికి దాని మీద ఏ పట్టూ ఉండదు. చిరునామా టైప్ చేస్తుంటే మెయిల్ ప్రోగ్రాం చూపించిన పేర్లలో తప్పుది ఎంచుకోవడం ఎవరికైనా జరిగేదే. అవుట్‌లుక్‌లో మెయిల్‌ను వెనక్కి తీసుకునే సదుపాయం ఉన్నా అది ఒకే సంస్థ లోపల మాత్రమే పనిచేస్తుంది. బయటి చిరునామాకు వెళ్లింది వెళ్లినట్టే. లింకైతే వెంటనే పర్మిషన్ తీసేయవచ్చు. ఈలోపే అవతలివారు డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే మాత్రం లింకు కూడా ఏమీ చేయలేదు.

ఈ పట్టు ఎంతన్నది షేర్ చేసేటప్పుడు ఎంచుకున్న సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. "Anyone with the link" అని పెడితే ఆ లింకే తాళంచెవి. అది ఫార్వర్డ్ అయినా, చాట్ గ్రూపులో పడినా, తెరిచేవారు ఎవరని ఎవరూ అడగరు. "Restricted" పెట్టి చిరునామాలు చేరిస్తే, ఆ ఖాతాలతో లాగిన్ అయినవారికే ఫైలు తెరుచుకుంటుంది. జీతాల పట్టిక, వైద్య నివేదిక, గుర్తింపు పత్రాల కాపీల లాంటివి మొదటి పద్ధతిలో పంపకూడదు. వాటికి అటాచ్‌మెంటు కన్నా, అందరికీ తెరుచుకునే లింకు కన్నా, పేర్లు చేర్చిన లింకే సురక్షితం.

జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి జత చేయడం మంచి మధ్యేమార్గంలా కనిపిస్తుంది. కానీ పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాస్తే తాళంతో పాటే చెవి ఇచ్చినట్టు. పైగా మామూలు జిప్‌లో లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. మెయిల్ సర్వర్‌లోని వైరస్ స్కానర్‌కు లోపలి విషయం కనిపించదు. వైరస్‌లు పంపేవారు కూడా ఈ పద్ధతిని వాడుకున్నారు కాబట్టి కొన్ని సంస్థలు పాస్‌వర్డ్ జిప్‌లను మొత్తానికే ఆపేస్తున్నాయి.

లింకుల వైపు ప్రమాదం వేరే రకం. "మీతో ఒక ఫైలు షేర్ చేశారు" అన్న నకిలీ మెయిల్ నమ్మించడం తేలిక, ఎందుకంటే అసలు మెయిల్ కూడా అలాగే ఉంటుంది. ఇక్కడ అందుకునేవారు చూడాల్సింది లింకు చిరునామాలో మొదటి ఒంటి `/` గీతకు ముందున్న భాగం చివర. `drive.google.com/file/...` లో ఆ భాగం `google.com` తో ముగుస్తుంది. `drive.google.com.files-login.example/file/...` లో ముగిసేది `files-login.example` తో. మొదట్లో ఎంత పరిచయమైన పేరున్నా రెండోది గూగుల్‌ది కాదు. ఎవరైనా తెరవగలిగేలా షేర్ చేశామని పంపినవారు చెప్పిన ఫైలు, నొక్కగానే మెయిల్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగి పంపినవారికి ఫోన్ చేయడం మంచిది. పంపేవారు కూడా తమ వంతుగా ఫైలు పేరు, సైజు, ఏ సర్వీసులో ఉందో మెయిల్‌లో ఒక వాక్యం రాయాలి. "ఇది చూడండి" అని ఉత్త లింకు పెట్టే మెయిల్‌కూ మోసపు మెయిల్‌కూ పెద్ద తేడా కనిపించదు.

క్లౌడ్‌లో ఉంటే ఎవరో స్కాన్ చేసే ఉంటారన్న భరోసా కూడా పూర్తిగా సరికాదు. గూగుల్ డ్రైవ్ 100 ఎంబీ దాటిన ఫైళ్లను వైరస్ కోసం పరీక్షించదు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ మాట చెబుతూ ఒక హెచ్చరిక చూపిస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే నొక్కేస్తారు.

## లింకు ఎక్కడ మొరాయిస్తుంది

లింకుతో వచ్చే అతి మామూలు ఫిర్యాదు "You need access" అన్న తెర. దీనికి కారణాలు ప్రధానంగా రెండు. ఒకటి, పంపినవారు ఎవరినీ చేర్చకుండా "Restricted" ఫైలు లింకును కాపీ చేసి పంపారు. జీమెయిల్ నుంచే పంపితే అవతలివారికి పర్మిషన్ లేదని అది గుర్తు చేస్తుంది. లింకును వేరే మెయిల్ ప్రోగ్రాంలో అతికించి పంపితే గుర్తు చేసేవారు ఉండరు. రెండోది, అందుకునేవారికి రెండు ఖాతాలుండడం. పర్మిషన్ ఆఫీసు చిరునామాకు ఇచ్చారు, బ్రౌజర్‌లో వ్యక్తిగత ఖాతా తెరిచి ఉంది. తెర మీద ఏ ఖాతాతో ఉన్నారో రాసే ఉంటుంది కానీ టెన్షన్‌లో ఎవరూ అటు చూడరు, పర్మిషన్ అడిగే బటన్ నొక్కేస్తారు.

అందరికీ తెరుచుకోవాల్సిన లింకైతే పంపే ముందు ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడాలి. అక్కడ ఏ ఖాతా లాగిన్ అయి ఉండదు కాబట్టి బయటివారికి కనిపించేదే కనిపిస్తుంది. అర నిమిషం పని.

ఒక్కసారి మాత్రమే డౌన్‌లోడ్ అయ్యేలా పెట్టే లింకులతో ఇంకో విచిత్రమైన ఇబ్బంది ఉంది. కొన్ని సంస్థల మెయిల్ రక్షణ వ్యవస్థలు, మెయిల్ ఇన్‌బాక్స్‌కు చేరకముందే అందులోని లింకులను తామే తెరిచి పరీక్షిస్తాయి. ఆ ఒక్క అవకాశం అక్కడే ఖర్చయిపోవచ్చు. అందుకునేవారు నొక్కేసరికి గడువు తీరిందన్న సందేశం వస్తుంది. ఇలాంటప్పుడు డౌన్‌లోడ్ల సంఖ్యకు బదులు తేదీ హద్దుగా పెట్టడం నయం.

## అటాచ్‌మెంటే సరైన సందర్భాలు

లింకు చూపించేది ఆ క్షణాన ఆ చోట ఉన్న ఫైలును. నిన్న ఉన్నదే ఈరోజూ ఉందని లింకు హామీ ఇవ్వదు. పైన చెప్పిన వెర్షన్ల సౌకర్యమే ఇక్కడ లోపమవుతుంది. సంతకం పెట్టిన ఒప్పందం, ధర ఖరారు చేసిన కొటేషన్, ఇన్‌వాయిస్ లాంటివి మారకూడదు. వాటిని మెయిల్‌లో జత చేస్తే, పంపిన తేదీ, పంపినవారి చిరునామా, ఫైలు అన్నీ ఒకే కట్టగా ఇద్దరి దగ్గరా ఉంటాయి. దీనికి సాంకేతికమైన బలం కూడా ఉంది. చాలా మెయిల్ సర్వర్లు బయటికి పంపే మెయిల్‌కు డీకిమ్ అనే డిజిటల్ సంతకం చేస్తాయి. ఆ సంతకం మామూలుగా అటాచ్‌మెంటుతో సహా మెయిల్ లోపలి విషయమంతటినీ కలుపుకుంటుంది, కాబట్టి దారిలో ఒక్క అక్షరం మారినా పరీక్షలో బయటపడుతుంది. లింకు పంపినప్పుడు ఆ సంతకం లింకు అక్షరాలకే వర్తిస్తుంది, దాని వెనకున్న ఫైలుకు కాదు.

కాలం కూడా లింకుకు ప్రతికూలమే. ఉద్యోగి సంస్థ వదిలి వెళ్లాక ఆయన ఖాతా తీసేస్తే, ఫైళ్లను వేరొకరికి బదిలీ చేయని పక్షంలో పాత లింకులన్నీ చచ్చిపోతాయి. వ్యక్తిగత గూగుల్ ఖాతాను రెండేళ్లపాటు వాడకపోతే దాన్ని తొలగించవచ్చన్న విధానం 2023లో ప్రకటించారు. ఆపిల్ మెయిల్ పెద్ద అటాచ్‌మెంట్లను తనంతట తానే లింకుగా మార్చే మెయిల్ డ్రాప్‌లో ఫైలు 30 రోజులే ఉంటుంది. ఐదేళ్ల తర్వాత వెతుక్కోవాల్సిన పత్రాన్ని ఇలాంటి చోట వదిలేయడం సరికాదు.

అందుకునేవారి ఆఫీసులో క్లౌడ్ సైట్లు మూసి ఉన్నా, వారు ఇంటర్నెట్ లేనిచోట మెయిల్ చదవాల్సి ఉన్నా అటాచ్‌మెంటు తప్ప దారి లేదు. ఐదు ఎంబీ లోపు ఫైలైతే బేస్64 పెరుగుదల కలిపినా ఏడు ఎంబీ దాటదు కాబట్టి పోస్ట్‌ఫిక్స్ మామూలు హద్దులోనే ఇమిడిపోతుంది.

ఈ రెండు అవసరాలూ ఒకే ఫైలులో కలిసినప్పుడు రెంటినీ వాడుకోవచ్చు. మన 8 ఎంబీ రిపోర్టునే చూస్తే, చర్చ నడిచినన్ని రోజులూ పన్నెండు మందికీ ఒకే లింకు ఉంటే సరిపోతుంది. అందరూ ఒప్పుకున్నాక, ఫొటోల సైజు తగ్గించి నాలుగైదు ఎంబీలకు కుదించిన తుది పీడీఎఫ్‌ను జత చేసి పంపితే అది రికార్డుగా నిలుస్తుంది. పూర్తి నాణ్యత ఫొటోలు కావాల్సినవారి కోసం అదే మెయిల్‌లో లింకు ఉంచి, అది ఏ తేదీ వరకు పనిచేస్తుందో పక్కనే రాయాలి.